వేడి లాటేలో వెంటీకీ గ్రాండేకీ షాట్లు ఒకటేనా?

శిరీష (డాలస్): నైట్ షిఫ్టు రోజుల్లో నిద్ర ఆపుకోవడానికి స్టార్‌బక్స్‌లో గ్రాండే మాని వెంటీ లాటే తీసుకుంటున్నాను. పెద్ద కప్పులో కాఫీ కూడా ఎక్కువ పడుతుందా, పాలేనా?

కిరణ్: కాఫీ కూడా ఎక్కువేనండీ. టాల్‌కి ఒకటి, గ్రాండేకి రెండు, వెంటీకి మూడు షాట్లు. లేకపోతే అంత డబ్బు ఎందుకు తీసుకుంటారు?

శీను: కిరణ్ గారూ, ఆ లెక్క ఐస్డ్ లాటేకి సరిపోతుంది. అమెరికాలో వెంటీ ఐస్ కప్పు 24 ఔన్సులు, దానికి మూడు షాట్లు. వేడి వెంటీ 20 ఔన్సులే, అందులో గ్రాండేలాగే రెండు. చదువుకునే రోజుల్లో కేఫ్ కౌంటర్ వెనక పనిచేశాను, చాలామంది ఇక్కడే పొరబడేవారు.

శిరీష గారూ, మీరు గ్రాండే నుంచి వెంటీకి మారితే పెరిగేది పాలే. గ్రాండే 16 ఔన్సులు కాబట్టి ఒక్కో షాట్‌కి ఎనిమిది ఔన్సుల కప్పు. వెంటీలో అది పది, 12 ఔన్సుల టాల్‌లో ఒకే షాట్ కాబట్టి పన్నెండు. అంటే మూడింటిలో చిక్కనిది మధ్యది, పలచనిది చిన్నది. మీ అవసరానికి టాల్‌లో ఇంకో షాట్ వేయమనండి. వెంటీలో ఉన్నంత కాఫీ వస్తుంది, పాలు బాగా తగ్గుతాయి.

లక్ష్మి: నాది వేరే సంగతి. ఐదో నెల. డాక్టరమ్మ కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు. ఒక్కటే కదా అని ఐస్డ్ వెంటీ లాటే తాగేదాన్ని. షాట్‌కి సుమారు 75 అని తర్వాత చూశాను. మూడు షాట్లకి 225! బోర్డు మీద కేలరీలు రాస్తారు, ఇది ఎందుకు రాయరో!

శీను: పెద్ద చెయిన్లు కేలరీలు రాయాలని 2018 నుంచి అక్కడ నిబంధన ఉందమ్మా, షాట్లకి లేదు. యాప్‌లో డ్రింక్ తెరిస్తే మాత్రం షాట్లు కనిపిస్తాయి. సైజు పేరు ఒకటే అయినా డ్రింక్ మారితే లెక్క మారుతుంది. పాలు లేని అమెరికానోలో టాల్‌కే రెండు, గ్రాండేకి మూడు, వెంటీకి నాలుగు.

శిరీష: మరి మా ఆఫీసు కింద చిన్న కేఫ్‌లో స్మాల్ లాటే కూడా చేదుగా ఉంటుంది?

శీను: సొంతంగా నడిపే కేఫ్‌ల్లో చాలాచోట్ల ఏ సైజుకైనా డబుల్ షాటే తీస్తారు. అక్కడ స్మాల్‌లోనూ రెండు ఉండొచ్చు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగండి.

కిరణ్: షాట్ల విషయంలో నాదే పొరపాటు. కానీ నాలుగు ఔన్సుల పాలకి అదనపు డబ్బు అన్యాయమేనంటాను.

శీను: పాలు ఎక్కువ కావాలనే వెంటీ అడిగేవాళ్లను రోజూ చూశానండీ. వాళ్లకి అది అన్యాయం కాదు.

కిరణ్: తెలిసి అడిగేవాళ్ల సంగతి సరే. తెలియక కొన్నవాళ్లు ఇక్కడే ఇద్దరున్నారు కదా!