ఏసీ ముక్కవాసనకు డ్యాష్‌బోర్డు విప్పించాలా?

బెజవాడ వాసి: వానలు మొదలైనప్పటి నుంచి కారులో ఏసీ వేయగానే ముక్కవాసన వస్తోంది, ఐదారు నిమిషాలకు తగ్గుతోంది. డ్యాష్‌బోర్డు విప్పి లోపలి కాయిల్ కడగాలని సర్వీస్ సెంటర్ వారు అంటున్నారు. అంత పని అవసరమా?

హైవే: అవసరం లేదండి. గ్లవ్ బాక్స్ వెనుక ఉండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, నల్లబడి తడిగా ఉంటుంది. కొత్తది వేస్తే సరిపోతుంది.

పాత గ్యారేజీ: హైవే గారు చెప్పింది సగం నిజం. కొత్త ఫిల్టర్ ఇకపై వచ్చే దుమ్మును ఆపుతుందే తప్ప ఇప్పటికే కాయిల్ రేకుల మధ్య పేరుకుని బూజు పట్టిన మురికిని కడగదు. చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కింది ట్రేలోకి జారి, అక్కడి నుంచి రబ్బరు పైపు ద్వారా బయటికి పోవాలి. ఆ పైపు మట్టితో మూసుకుపోతే ట్రేలో నీరు నిలిచి, కాయిల్ ఆరే అవకాశమే ఉండదు. మీ ఊరి ఉక్కలో పావుగంట ఏసీ నడిపితే కారు కింద నీరు చుక్కలుగా కారాలి. కారకపోతే ముందు సీటు ఎడమవైపు కార్పెట్ ఎత్తి, అడుగున ఉన్న స్పాంజిని చేత్తో నొక్కి చూడండి.

గోదారి గట్టు: మా కారులోనూ కార్పెట్ తడిసింది, కానీ వాసన తియ్యగా ఉంది, అద్దం లోపల జిడ్డు పొర కూడా పడుతోంది. పైపు శుభ్రం చేయిస్తే చాలా?

పాత గ్యారేజీ: మీది వేరే సమస్య అండి. అది హీటర్ కోర్ నుంచి కారుతున్న కూలెంట్ కావచ్చు. ఇంజను చల్లారాక కూలెంట్ ట్యాంకులో మట్టం తగ్గిందేమో చూసి, ఆలస్యం చేయకుండా మెకానిక్‌కు చూపించండి.

బెజవాడ వాసి: పావుగంట నడిపినా చుక్క కారలేదు, స్పాంజి నొక్కితే నీరు వచ్చింది. మెకానిక్ కింది నుంచి పైపును శుభ్రం చేయగానే బురదనీరు ధారగా పడింది. వాసన చాలావరకు తగ్గింది గానీ, పొద్దున మొదటిసారి వేసినప్పుడు ఇంకా కొద్దిగా వస్తోంది.

పాత గ్యారేజీ: ఇప్పుడు పాత ఫిల్టర్ తీసేసి, కాయిల్ కోసం అమ్మే ఫోమ్ కొట్టించి, కరిగిన మురికి పైపు గుండా పోయాకే కొత్త ఫిల్టర్ పెట్టించండి, పైపు మూసుకుని ఉండగా ఫోమ్ కొడితే ఆ మురికంతా కార్పెట్ మీదికే వచ్చేది. తడిసిన స్పాంజిని ఎండలో పూర్తిగా ఆరబెట్టకపోతే వాసన అక్కడి నుంచీ వస్తుంది. ఇల్లు చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ ఆపి, ఫ్యాన్ మాత్రం తిరగనివ్వండి.

బాయ్‌నెట్: ఫోమ్ మీద నాకు నమ్మకం లేదు. అది కాయిల్ ముందు భాగాన్ని తడుపుతుంది, లోతుగా ఇరుక్కున్న మట్టి అలాగే ఉండి నెలలోపే వాసన తిరిగి వస్తుంది. సర్వీస్ సెంటర్ వారి మాటను పూర్తిగా కొట్టిపారేయకండి.

పాత గ్యారేజీ: కాయిల్ బయటికి తీయాలంటే గ్యాస్ తీసి మళ్లీ నింపాలి, జాయింట్ల రింగులు మార్చాలి, క్లిప్పులు విరిగితే డ్యాష్‌బోర్డు ఆ తర్వాత కిర్రుకిర్రుమంటుంది. గాలి బలంగా రావడం తగ్గి, ఫిల్టర్ మార్చినా మెరుగుపడకపోతే అప్పుడు ఒప్పుకుంటాను, అంతవరకు కాదు.

బాయ్‌నెట్: గాలి తగ్గేదాకా ఆగడమంటే అన్నాళ్లూ ఆ బూజు పీల్చడమే కదండీ. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే నేనైతే ఆగను.