రూమ్ క్లీనింగ్‌లో ముందు బెడ్డా, బాత్రూమా? చెకింగ్ ఎట్లా చేస్తున్నారు?

అందరికీ నమస్తే. హన్మకొండలో 45 రూముల హోటల్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. పెళ్లిళ్ల సీజన్‌లో చెకౌట్లన్నీ ఒకేసారి పడతాయి, అప్పుడే కంప్లైంట్లు, అవీ ఎక్కువగా వెంట్రుకల గురించే.

ఇప్పుడు మా వాళ్లు చెత్త, వాడిన దుప్పట్లు తీసేసి, కమోడ్‌లో క్లీనర్ పోసి పది నిమిషాలు నాననిస్తారు, ఆ లోపు పైనుంచి కిందికి దుమ్ము తుడిచి బెడ్ వేస్తారు, తర్వాత బాత్రూమ్ కడిగి చివరికి ఫ్లోర్. కొందరేమో బాత్రూమ్ ముందే ముగించి, తడి చేతులతోనే తెల్ల షీట్ పరుస్తున్నారు. నాకు మొదటిదే నయమనిపిస్తుంది, కానీ బాత్రూమ్‌లో తిరిగిన చెప్పులతో మళ్లీ రూమ్‌లోకి వస్తున్నారు కదా, దానికి మీరేం చేస్తున్నారు?

ఇంకోటి, మా చెక్‌లిస్ట్ చాలా పొడుగు, చూడకుండానే టిక్కులు పెట్టేస్తున్నారు. నేనైతే తలుపు దగ్గర మొదలుపెట్టి గోడ వెంబడి ఒక చుట్టు తిరుగుతా, బాత్రూమ్‌లో ఫోన్ టార్చ్ నేలకు ఆనించి వెలుగు అడ్డంగా కొడతా. మామూలు లైటులో కనపడని వెంట్రుక, డ్రెయిన్ జాలీ అంచున, కమోడ్ వెనకాల, దాని నీడతో సహా దొరుకుతుంది. కానీ అన్ని రూములూ ఇట్లా చూడాలంటే రెండింటికల్లా రూములు ఇవ్వలేం. ప్రతి రూమ్‌లో తప్పకుండా చూసేవి ఏవి, రోజుకు కొన్ని రూముల్లోనే చూసేవి ఏవి అని మీరెట్లా విడగొట్టుకున్నారో చెప్పండి.