అప్‌డేట్: డోపమిన్ లెక్కలో నా జవాబు 0.2 ఎందుకు వచ్చిందో తెలిసింది

నా మొదటి ప్రశ్న: "64 కిలోల రోగికి డోపమిన్ కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాముల చొప్పున ఇవ్వాలి. మొత్తం 250 మిల్లీలీటర్ల ద్రావణంలో 400 మిల్లీగ్రాముల మందు ఉంది. గంటకు ఎన్ని మిల్లీలీటర్లు? నాకు 0.2 వస్తోంది, కీలో 12 అని ఉంది."

జవాబులు రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న విశాఖపట్నంలో మా సీనియర్ అక్క దగ్గర కూర్చుని ప్రతి అంకె పక్కన దాని యూనిట్ రాస్తూ మళ్ళీ చేశాను. 5ను 64తో గుణిస్తే నిమిషానికి 320 మైక్రోగ్రాములు. 400 మిల్లీగ్రాములంటే 4,00,000 మైక్రోగ్రాములు కాబట్టి, 250తో భాగిస్తే ఒక్కో మిల్లీలీటరులో 1600 మైక్రోగ్రాములు ఉంటాయి. నేను 320ని 1600తో భాగించి అక్కడే ఆగిపోయాను, ఆ 0.2 నిమిషానికి వచ్చిన జవాబు, ప్రశ్న అడిగింది గంటకు. 60తో గుణిస్తే 12 వచ్చింది.

అక్క చూపించిన సరిచూసే పద్ధతి నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. గంటకు 0.2 చొప్పున పోతే ఆ ద్రావణం అయిపోవడానికి 1250 గంటలు, అంటే 52 రోజులు పడుతుంది. 12 చొప్పున అయితే దాదాపు 21 గంటలు.

మిల్లీలీటరుకు 60 చుక్కలు పడే మైక్రోడ్రిప్ సెట్ ఇస్తే నిమిషానికి చుక్కలు కూడా 12 అవుతాయి. 20 చుక్కల సెట్ అయితే 4 మాత్రమే కాబట్టి, సెట్ వివరం చదవకుండా గంటకు మిల్లీలీటర్ల అంకెనే నిమిషానికి చుక్కలుగా తీసుకునే సులువును వాడకూడదు.