పై దవడ పన్నుకి రూట్ కెనాల్ ఫెయిలైంది: మళ్లీ చేయించాలా, సర్జరీనా, పీకించాలా?

వేణి_కాకినాడ:
పైన కుడివైపు మొదటి దవడ పన్ను. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసి ఆరేళ్లు. నాలుగు నెలలుగా చిగురు మీద చీముపొక్కు వచ్చి పోతోంది, నొప్పి పెద్దగా లేదు. ఎక్స్‌రేలో ముందు వేరు కొసన నల్లగా ఉంది. ఒక డాక్టర్ మళ్లీ రూట్ కెనాల్ అన్నారు, ఇంకొకరు వేరు కొస కోసే సర్జరీ అన్నారు, మూడో ఆయన పీకేసి ఇంప్లాంట్ పెట్టుకోమన్నారు. ఎలా తేల్చుకోవాలి?

భీమవరం_బాబు:
పీకించేయండి. ఒకసారి ఫెయిలైన పన్ను మీద మళ్లీ డబ్బు పోయడం దండగ. ఇంప్లాంట్‌కి పుచ్చు పట్టదు, నరం ఉండదు, ఇక జన్మలో గొడవ లేదు.

సుజాత_గుంటూరు:
రూట్ కెనాల్ చేశాక వారం పది రోజులు కొరికితే నొప్పి మామూలేనండీ, కంగారుపడకండి. అమాక్సిసిలిన్ కోర్సు ఒకటి వాడితే తగ్గిపోతుంది.

ఎండో_హనుమకొండ:
సుజాత గారూ, ఇది కొత్తగా చేసిన పన్ను కాదు, ఆరేళ్ల క్రితంది. కొత్తగా చేసినప్పుడు నాలుగు రోజులు నొప్పి ఉండటం వేరు, ఏళ్ల తర్వాత చీముపొక్కు రావడం వేరు. మాత్రలతో పొక్కు అణగవచ్చు, కానీ వేరు లోపల రక్త ప్రసరణే లేదు కాబట్టి మందు అక్కడికి చేరదు. మాత్రలు ఆపాక పొక్కు మళ్లీ వస్తుంది. ముఖం వాపు, జ్వరం ఉంటే తప్ప యాంటీబయాటిక్ అక్కర్లేదు.

వేణి గారూ, ముందు ఎందుకు ఫెయిలైందో తేలాలి. కారణం దొరికితే మూడింట్లో ఏది అన్నది చాలావరకు దానంతట అదే తేలుతుంది.

పై మొదటి దవడ పన్నుకి మూడు వేర్లు: బుగ్గవైపు రెండు, అంగిలివైపు ఒకటి. బుగ్గవైపు ముందు వేరులో చాలామందికి రెండు కెనాల్స్, అంటే నరం ఉండే సన్నటి దారులు, ఉంటాయి. ఆ రెండోదాన్ని మేం ఎంబీ టూ అంటాం. దాని నోరు డెంటిన్ గట్టు కింద దాక్కుంటుంది, మైక్రోస్కోప్ లేకుండా దొరకడం కష్టం. శుభ్రం చేయకుండా వదిలేస్తే అందులోని బ్యాక్టీరియా ఏళ్ల తర్వాతైనా వేరు కొసన ఎముకను తినేస్తుంది. మీ ఎక్స్‌రేలోని నల్ల మచ్చ సరిగ్గా ఆ వేరు దగ్గరే ఉంది కనుక నా మొదటి అనుమానం దాని మీదే.

రెండు పరీక్షలు అడగండి. ఒకటి, ప్రోబ్‌తో పన్ను చుట్టూ చిగురు లోతు కొలవడం. అంతటా 3 మి.మీ. లోపు ఉండి ఒక్కచోట మాత్రం ఇరుగ్గా 8, 10 మి.మీ. లోతుకి ప్రోబ్ జారిపోతే వేరు నిలువునా చీలి ఉండొచ్చు. చీలితే రీట్రీట్‌మెంట్, అంటే మళ్లీ రూట్ కెనాల్ చేయడం, సర్జరీ రెండూ వృథా. రెండోది, ఆ పన్ను వరకే తీసే చిన్న సీబీసీటీ, అంటే త్రీడీ ఎక్స్‌రే స్కాన్. అడ్డకోతలో చూస్తే, కెనాల్‌లో నింపిన గుట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థం వేరుకి మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉంటే రెండో కెనాల్ మిగిలిపోయిందని అర్థం. అయితే సన్నటి చీలికను స్కాన్ పట్టుకోలేకపోవచ్చు. గుట్టాపెర్చా చుట్టూ వచ్చే తెల్లటి గీతలు దాన్ని కప్పేస్తాయి. అందుకే ప్రోబ్ పరీక్ష వదలకూడదు.

భీమవరం బాబు గారూ, ఇంప్లాంట్‌కి పుచ్చు పట్టదన్నది నిజమే. కానీ దాని చుట్టూ చిగురుకి ఇన్ఫెక్షన్ వచ్చి ఎముక అరిగిపోవచ్చు. పైగా ఆ చోట వేర్ల పైనే సైనస్ అనే గాలి గది ఉంటుంది. పన్ను తీశాక ఎముక కుంగితే సైనస్ పొరను పైకెత్తి ఎముక పొడి నింపాల్సి రావచ్చు. అప్పుడు పన్ను పెట్టేసరికి నెలలు పడుతుంది.

మాక్సిల్లో_నెల్లూరు:
చీలిక మాట ఒప్పుకుంటాను. కానీ క్యాప్ బాగుంటే దాన్ని ఎందుకు పాడుచేయాలి? బుగ్గవైపు వేరు సర్జరీకి సులువుగా అందుతుంది. మైక్రోస్కోప్ కింద కొసన 3 మి.మీ. కోసి, అల్ట్రాసోనిక్ టిప్‌తో లోపలికి 3 మి.మీ. గుంట చేసి ఎంటీఏ సిమెంట్‌తో మూసేస్తే నూటికి 90 వరకు మానుతున్నాయి. పక్క కాలువలు ఎక్కువగా ఆ చివరి 3 మి.మీ.లోనే ఉంటాయి, అందుకే ఆ కొలత. ఒక సిట్టింగ్, వారంలోపు కుట్లు తీసేస్తాం.

ఎండో_హనుమకొండ:
మీరు చెప్పిన 90 మైక్రోస్కోప్, ఎంటీఏ వాడినప్పటి మాట. మామూలు బర్‌తో ఏటవాలుగా కోసి సిల్వర్ అమాల్గమ్ నింపే పాత పద్ధతిలో ఫలితం అందులో మూడింట రెండొంతులే. పేషెంట్ ముందు అడగాల్సింది ఏ పద్ధతిలో చేస్తారనే.

ఇంకో విషయం. శుభ్రం కాని కెనాల్‌ని కొసన మూసేస్తే మురికి లోపలే ఉంటుంది, సీసాకి బిరడా పెట్టినట్టు. బిరడా ఏమాత్రం కారినా పొక్కు తిరిగొస్తుంది. పాత రూట్ కెనాల్ బాగా చేసి ఉండి, కెనాల్స్ అన్నీ నిండి ఉండి, అయినా మచ్చ పోకపోతే సర్జరీ సరైన దారి. క్యాప్‌కి ఊతంగా వేరులో దించే పోస్ట్ గట్టిగా దిగి ఉన్నా, కెనాల్ శుభ్రం చేసే సూది లాంటి ఫైల్ ముక్క విరిగి కొసన ఇరుక్కున్నా అంతే. వాటిని పీకబోతే వేరు చీలే ప్రమాదం ఉంది.

వేణి_కాకినాడ:
రెండూ చేయించాను. ప్రోబ్ ఎక్కడా 3 మి.మీ. దాటలేదు. స్కాన్ రిపోర్టులో ముందు బుగ్గవైపు వేరులో రెండో కెనాల్ నింపలేదని, మచ్చ సుమారు 5 మి.మీ. ఉందని, సైనస్ పొర అక్కడ దళసరిగా ఉందని రాశారు. పోస్ట్ లేదు. క్యాప్ అంచు ఒకచోట వదులుగా ఉందట.

ఎండో_హనుమకొండ:
అయితే రీట్రీట్‌మెంటే. క్యాప్ అంచు వదులైతే ఉమ్మి అక్కడి నుంచే దిగుతుంది, క్యాప్ ఎలాగూ మార్చాలి. తీశాక కింద పుచ్చు తవ్వి, చిగురు పైన చుట్టూ గట్టి పన్ను 2 మి.మీ. మిగులుతుందో లేదో ముందే చూడమనండి. మిగలకపోతే కొత్త క్యాప్‌కి పట్టు ఉండదు, అప్పుడు పీకడం గురించి ఆలోచించాలి.

పని ఇలా సాగాలి. ఉమ్మి పన్నులోకి దిగకుండా రబ్బర్ డ్యామ్ అనే పలచటి రబ్బరు తెర వేయాలి. పాత గుట్టాపెర్చాని సాల్వెంట్‌తో మెత్తబరచి తీయాలి. గట్టు కింద రెండో కెనాల్ వెతకాలి. ఇక్కడే తొందరపడితే పన్ను నేలకి చిల్లు పడుతుంది. అన్ని కెనాల్స్‌నీ హైపోక్లోరైట్‌తో కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి ఒకటి రెండు వారాలు మూసి ఉంచుతారు. పొక్కు ఎండిపోయాక నింపుతారు. కొత్త క్యాప్‌ని నెలల తరబడి వాయిదా వేయొద్దు, టెంపరరీ సిమెంట్ కారితే చేసిందంతా పోతుంది. సైనస్ పొర దళసరి కూడా పన్ను వల్లే అయితే పన్నుతోపాటే తగ్గుతుంది.

మాక్సిల్లో_నెల్లూరు:
అంచు వదులైందంటే నేనూ అటే. కానీ ఆ రెండో కెనాల్ మధ్యలో మూసుకుపోయి కొస వరకు ఫైల్ దిగకపోతే, అక్కడితో ఆపి సర్జరీకి పంపమనండి. బలవంతంగా తోస్తే వేరు పక్కకి చిల్లు పడుతుంది.

సుజాత_గుంటూరు:
పొరబాటుగా చదివాను, క్షమించండి. మా అత్తగారు ఎముకల బలానికి ఏడాదికోసారి ఇంజెక్షన్ వేయించుకుంటారు. ఆవిడకీ ఇలాంటి పన్నే ఉంది, పీకించొచ్చా?

ఎండో_హనుమకొండ:
జోలెడ్రోనిక్ యాసిడ్ అయితే పీకే ముందు తప్పకుండా డెంటిస్టుకి చెప్పండి. ఆ మందు మీద ఉన్నవాళ్లలో కొందరికి పన్ను తీసిన గుంట మానక దవడ ఎముక బయటపడుతుంది. అలాంటివాళ్లకి వీలైనంతవరకు పన్ను కాపాడటమే మేలు. సర్జరీలోనూ ఎముక తెరుచుకుంటుంది కనుక ముందు రీట్రీట్‌మెంట్.

వేణి_కాకినాడ:
చేయించాక మానిందని ఎప్పుడు తెలుస్తుంది?

ఎండో_హనుమకొండ:
పొక్కు కొన్ని వారాల్లో పోవాలి. మచ్చ మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది. ఆరు నెలలకి, ఏడాదికి ఎక్స్‌రే తీసి పాతదానితో పోల్చాలి. చిన్నదవుతుంటే నాలుగేళ్ల వరకు ఆగొచ్చు.

మాక్సిల్లో_నెల్లూరు:
నాలుగేళ్లు నాకు ఎక్కువనిపిస్తుంది. ఏడాదికి ఏమాత్రం తగ్గకపోతే నేనైతే సర్జరీ చేస్తాను.

ఎండో_హనుమకొండ:
పొక్కు తిరిగొచ్చినా, మచ్చ పెరిగినా ఏడాది దాకా ఆగక్కర్లేదు, అక్కడ మనిద్దరిదీ ఒకే మాట. నొప్పీ పొక్కూ లేకుండా మచ్చ పెరగకుండా తగ్గకుండా నిలిచిపోతే మాత్రం నేను ఇంకో ఏడాది చూస్తాను.