తాతయ్య 200 రోజుల గీత: నా పరీక్షను నమ్మొచ్చా?

రాత్రిపాళీ: థర్మల్ ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో నైట్ షిఫ్ట్ ఇంజనీర్‌ని. తాతయ్య గ్రాఫ్ కాగితం మీద గీసుకున్న రూలు ఇది: ముగింపు ధర 200 రోజుల సగటును దాటితే కొను, కిందికి దిగితే అమ్ము. యూనిట్ నిలకడగా నడిచే రాత్రుల్లో దీన్ని నిఫ్టీ పాత డేటా మీద పెట్టి చూశాను. కొని ఊరుకోవడం కంటే చాలా ఎక్కువ వచ్చింది. నమ్మొచ్చా?

```
sig = (close > close.rolling(200).mean()).astype(int)
total = (1 + sig * close.pct_change()).prod()
```

గోదారిగట్టు: కళ్లు మూసుకుని నమ్మండి. సత్యం షేరు 2009 జనవరి 7న ఒక్కరోజులో సుమారు 179 నుంచి 40కి పడింది. అప్పటికే ధర ఈ సగటుకి చాలా కింద ఉంది. రూలు పాటించినవాడు ముందే బయటపడి ఉంటాడు.

సగంచార్ట్: నేను ఒక చిన్న ఫార్మా షేరు మీద ఇదే వాడాను. ధర గీత చుట్టూ ఊగుతుంటే మూడు నెలల్లో ఏడుసార్లు కొని అమ్మాను. లాభం సంగతి దేవుడెరుగు, బ్రోకరేజీ మాత్రం మిగిలింది.

లెక్కలమాస్టారు: రాత్రిపాళీగారూ, రెండో లైను చూడండి. ఈరోజు ముగింపు ధర మార్కెట్ మూశాకే తెలుస్తుంది. మీ కోడ్ ఆ ధర చూసి కొనమని చెప్పి, ఆ రోజు పెరుగుదలను కూడా మీ ఖాతాలోనే వేస్తోంది. ధర సగటును పైకి దాటేది పెరిగిన రోజునే కదా, కిందికి దిగేది పడిన రోజున. అంటే మలుపు తిరిగిన ప్రతిసారీ లాభం మీకు, నష్టం ఎవరికో. `sig.shift(1)` పెట్టి మళ్లీ నడపండి.

గోదారిగట్టుగారూ, సత్యం మాట నిజమే. కానీ ఎవరైనా ఈనాటి నిఫ్టీ కంపెనీల పాత ధరలు తెచ్చుకుని పరీక్షిస్తే అందులో సత్యం ఉండనే ఉండదు. బతికి బట్టకట్టినవాళ్ల మీద ఏ రూలైనా బాగానే కనిపిస్తుంది.

రాత్రిపాళీ: పెట్టాను. మిగులంతా ఆవిరైపోయింది, ఇప్పుడు కొని ఊరుకున్నదానికి కాస్త తక్కువే. 2020 విడిగా చూశా. ఫిబ్రవరి చివర, నిఫ్టీ 11,200కీ 11,700కీ మధ్య ఉండగా అమ్మమంది. మార్చి 23న 7,610కి పడితే, మళ్లీ కొనమన్నది జులైలో, 11,000కి అటూ ఇటూగా! ఇంత పతనం తప్పించుకుని చేతికొచ్చింది ఆ కాస్తేనా?

గోదారిగట్టు: ఆ మార్చిలో నిద్రపట్టినవాళ్లు ఎంతమంది? ఆ లెక్క మీ కోడ్‌లో లేదు.

లెక్కలమాస్టారు: పెట్టొచ్చు, గరిష్ఠ పతనం విడిగా లెక్కించండి. ఈ రూలు పనికొచ్చేది అక్కడే అనుకుంటాను. పన్ను కూడా కలపండి, ఏడాదిలోపు అమ్మితే రేటు ఎక్కువ.

రాత్రిపాళీ: ఇంకో సంగతి. తాతయ్య నోట్‌బుక్ తీశాను. ధరలు మర్నాటి పేపర్లో చూసి, పాత మొత్తంలోంచి 200 రోజుల కిందటి ధర తీసేసి కొత్తది కలిపేవాడు. కొన్న తేదీలు చాలావరకు సంకేతం తర్వాతి రోజువి, కొన్ని ఆ మర్నాటివి. మరి నేను `shift(2)` పెట్టాలా?

సగంచార్ట్: ముందు బ్రోకరేజీ పెట్టండి సార్.