55 అంగుళాల టీవీ 31 వేలకూ ఉంది, 54 వేలకూ ఉంది, లక్ష పైనా ఉంది. తేడా ఎక్కడ?

శ్రీలక్ష్మి, తెనాలి:
మూడూ 55 అంగుళాలే, మూడింటి డబ్బా మీదా 4కె అనే ఉంది. 31 వేలదాని మీద క్యూఎల్‌ఈడీ అనీ, 54 వేలదాని మీద క్యూఎల్‌ఈడీ మినీ ఎల్‌ఈడీ అనీ రాశారు. 1 లక్ష 8 వేలది ఓఎల్‌ఈడీ. మా హాల్లో సోఫాకీ టీవీ పెట్టే గోడకీ మధ్య 9 అడుగులు, పక్కన పెద్ద కిటికీ. పగలంతా మామగారు న్యూస్ చానళ్లు చూస్తారు. రాత్రి ఓటీటీ సినిమాలు, సీజన్లో క్రికెట్. గేమ్స్ ఆడేవాళ్లు ఎవరూ లేరు. 55 వేలు దాటలేం. షాపతను "మూడూ ఒకటేనమ్మా, బ్రాండ్ తేడా అంతే" అంటున్నాడు.

ఖాదర్:
9 అడుగుల నుంచి చూస్తే 4కె అయినా ఫుల్ హెచ్‌డీ అయినా కంటికి ఒకటే మేడం. ఫుల్ హెచ్‌డీ తీసుకుని మిగిలిన డబ్బుతో సౌండ్‌బార్ కొనుక్కోండి.

సుధాకర్:
ఖాదర్ గారి లెక్క తప్పు కాదు. 55 అంగుళాల తెర వెడల్పు 122 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఆ వెడల్పుని 1920 చుక్కలు పంచుకుంటాయి, అంటే ఒక్కో చుక్క 0.63 మిల్లీమీటర్లు. మామూలు చూపు ఉన్నవాళ్లకి 7 అడుగులు దాటాక ఆ చుక్కలు విడివిడిగా ఆనవు. కాకపోతే 55లో ఫుల్ హెచ్‌డీ ఇప్పుడు దాదాపు దొరకదు. పైగా ఓటీటీలో హెచ్‌డీఆర్ బొమ్మ, అంటే వెలుగు నీడల తేడా ఎక్కువ చూపించేది, ఎక్కువగా 4కె స్ట్రీమ్‌తోనే వస్తుంది. కాబట్టి 4కె తీసుకోండి, కానీ దాన్ని చూసి ధర బేరీజు వేయకండి. మీ మూడు టీవీల్లోనూ సైజుతో పాటు అదీ సమానంగానే ఉంది.

ధర తేడా అంతా తెర వెనకాల వెలుగులో ఉంది. క్యూఎల్‌ఈడీ అన్నా లోపల ఉన్నది ఎల్‌సీడీ పలకే. రంగులు చిక్కగా రావడానికి ఒక పొర అదనంగా వేస్తారు, నలుపు మాత్రం మెరుగుపడదు. 31 వేలదాంట్లో వెనక ఎల్‌ఈడీలన్నీ సాధారణంగా కలిసే వెలుగుతాయి, కలిసే తగ్గుతాయి. అందుకే రాత్రి సీన్లో ఆకాశం బూడిద రంగులో కనిపిస్తుంది. మినీ ఎల్‌ఈడీలో దీపాలు చిన్నవి, జోన్లుగా విడదీసి ఉంటాయి, నల్లటి చోట ఆ జోన్ వరకే వెలుగు తగ్గిస్తుంది. ఓఎల్‌ఈడీలో వెనక దీపాలే ఉండవు, ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది.

పద్మజ:
మా అమ్మ గదికి 32 అంగుళాలది కావాలి. 7 అడుగుల దూరం. దానికీ మినీ ఎల్‌ఈడీ తీసుకోవాలా అండీ?

సుధాకర్:
అక్కర్లేదండీ. 32లో హెచ్‌డీ రెడీ చుక్క 0.52 మిల్లీమీటర్లు, 6 అడుగులు దాటితే తేడా పట్టలేం. ఆ సైజులో ర్యామ్ చూడండి. 1 జీబీ ఉన్నవి యాప్ తెరవడానికే విసిగిస్తాయి.

వెంకట్:
అక్కా, లక్ష పెట్టగలిగితే ఓఎల్‌ఈడీకి మించింది లేదు. ఈఎంఐలో తీసుకో.

సుధాకర్:
డబ్బున్నా ఈ ఇంటికి నేను చెప్పను. తెలుగు న్యూస్ చానల్ అంటే కింద రెండు వరసల పట్టీ, మూలన లోగో, పక్కన ఎర్ర డబ్బా, పొద్దుటి నుంచి రాత్రి దాకా అవే చోట్ల. ఓఎల్‌ఈడీలో ఎక్కువ వెలిగిన చుక్కలు తొందరగా అరుగుతాయి, కొన్నేళ్లకి ఆ పట్టీ నీడ సినిమాలోనూ కనిపించవచ్చు. ఈ అచ్చు పడటాన్ని వారంటీలో తీసుకోని కంపెనీలు ఉన్నాయి. కిటికీ వెలుతురు కూడా దానికి ఇబ్బందే. రాత్రిళ్లు సినిమాలు మాత్రమే చూసే ఇంటికైతే మీ మాటే నాదీ.

శ్రీలక్ష్మి:
అయితే 54 వేలదే నయమా? దానిమీద "హెచ్‌డీఆర్10 ప్లస్, 120 హెర్ట్జ్" అని పెద్దగా ఉంది. 31 వేలదాని మీదా హెచ్‌డీఆర్10 ఉంది మరి.

సుధాకర్:
హెచ్‌డీఆర్ అని రాశారంటే ఆ సిగ్నల్‌ని తీసుకుంటుందని మాత్రమే అర్థం. చూపించగలదా అన్నది వెలుగు మీద ఉంటుంది. ఆ వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. 250, 300 నిట్స్ తెర మీద హెచ్‌డీఆర్ సినిమా మామూలు దానికన్నా చీకటిగా ఉండి, జనం సెట్టింగులతో కుస్తీ పడుతుంటారు. 600 దాటితే తేడా తెలుస్తుంది. మీ కిటికీకి కూడా ఆ వెలుగు కావాలి. స్పెక్ షీట్‌లో నిట్స్ అంకె అసలు లేకపోతే తక్కువేనని అనుకోవడం మేలు.

120 హెర్ట్జ్ అంటే తెర సెకనుకి 120 సార్లు బొమ్మ మార్చగలదని. అది నిజమో కాదో తెలియాలంటే కంపెనీ సైట్లో మాన్యువల్ దింపుకుని హెచ్‌డిఎంఐ పట్టిక చూడండి. 4కె అంటే 3840 × 2160, దాని ఎదురుగా 120 హెర్ట్జ్ ఉంటే అది నిజమైన 120.

శ్రీలక్ష్మి:
చూశాను. 3840 × 2160 దగ్గర 60 అనే ఉంది. 120 అన్నది 1920 × 1080 వరసలో ఉంది, పక్కన డీఎల్‌జీ అని రాశారు.

సుధాకర్:
అది 60 హెర్ట్జ్ పలకే. నిలువులో స్పష్టత సగం చేసి 120 నడిపిస్తారు, గేమ్స్ వాళ్లకి పనికొచ్చే కిటుకు. మీకు దానివల్ల లాభం లేదు, నష్టమూ లేదు. చానళ్లలో క్రికెట్ సెకనుకి 50 బొమ్మల లెక్కన వస్తుంది, 60కి ఇబ్బంది పడదు. సినిమా మాత్రం సెకనుకి 24. అది 120లో సరిగ్గా 5 సార్లు పడుతుంది, 60లో రెండున్నర. అందుకే కెమెరా మెల్లగా పక్కకి తిరిగేటప్పుడు కొందరికి చిన్న కుదుపు కనిపిస్తుంది. కనబడకపోతే దానికోసం డబ్బు పెట్టొద్దు.

మీరు తేల్చుకోవాల్సింది జోన్లు నిజంగా పనిచేస్తున్నాయా అని. పేరుకి మినీ ఎల్‌ఈడీ అని జోన్లు బాగా తక్కువ పెట్టినవి ఉన్నాయి. నల్ల తెర మీద తెల్ల సబ్‌టైటిల్ వచ్చే వీడియో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పిక్చర్ మోడ్ వివిడ్ నుంచి సినిమాకి మార్చి, లోకల్ డిమ్మింగ్ హైలో పెట్టించండి. దగ్గర లైట్లు ఆర్పమనండి, షాపు వెలుతురులో అన్ని నలుపులూ ఒకేలా ఉంటాయి. అక్షరం రాగానే తెరంతా బూడిదగా మారితే జోన్లు లేనట్టే. పై నుంచి కింద దాకా ఒక నిలువు పట్టీ తేలితే దీపాలు అంచున ఉన్నట్టు. అక్షరాల చుట్టూ మాత్రం పల్చగా వెలుగు కనిపిస్తే మీరు పెట్టే డబ్బుకి పని జరుగుతోందన్నమాట.

ఖాదర్:
ఒకటి నేనూ చెప్తా. పక్కకి జరిగి కూడా చూడండి. ఎల్‌సీడీ పలకల్లో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు. నలుపు బాగుండే వీఏ పలక పక్క నుంచి వెలిసిపోతుంది. మామగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే ఐపీఎస్సే మంచిది.

సుధాకర్:
ఒప్పుకుంటాను, కానీ ఐపీఎస్‌లో నలుపు తేలిపోతుంది, రాత్రి సినిమాకి అదే లోటు. ఎవరు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారో ఆ ఇంటివాళ్లకే తెలియాలి. నేనైతే వీఏ వైపే.

వెంకట్:
కొట్టేసిన ఎంఆర్‌పీ చూసి మోసపోకు అక్కా. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత రేటు చూపించి డిస్కౌంట్ అంటే అందులో కొంత పన్ను తగ్గింపే.

శ్రీలక్ష్మి:
ఆ 54 వేలదాని సిరీస్‌లోనే 43 అంగుళాలది 36 వేలకి ఉంది. మా వారు అది చాలంటున్నారు.

సుధాకర్:
విస్తీర్ణం లెక్కన 55 తెర 43 కన్నా 1.6 రెట్లు పెద్దది, ధర 1.5 రెట్లే. పైగా ఒకే సిరీస్ పేరు మీద 43లో జోన్లూ వెలుగూ తగ్గించి అమ్మడం మామూలే. ఆ సైజు మోడల్ నంబర్ పూర్తిగా కొట్టి దాని స్పెక్ షీటే విడిగా చూడండి. 9 అడుగులకి 43 చిన్నదవుతుంది, న్యూస్ పట్టీ చదవడానికి మామగారు కుర్చీ ముందుకి జరుపుకోవాలి.