~$ ఫైళ్లు, సగం దిగిన డౌన్‌లోడ్‌లు: కనబడితే తుడిచేయొచ్చా?

సుజన_లెక్కలు
మా టీమ్ షేర్డ్ ఫోల్డర్‌లో హిడెన్ ఫైళ్లు కనిపించేలా పెట్టాను. పెట్టానో లేదో `~$` తో మొదలయ్యేవి 43 బయటపడ్డాయి. వాటి మధ్యలో `~WRL0003.tmp` లాంటివి రెండు, నా డౌన్‌లోడ్స్‌లో ఏమో 6 జీబీ `.crdownload` ఒకటి. వారానికోసారి ఇవన్నీ తుడిచేసే స్క్రిప్ట్ పెట్టేయమని ఆఫీసులో ఒకరంటారు, ముట్టుకోవద్దని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

చక్రి_వేగం
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ, టిల్డాతో మొదలైందంటే చెత్తే. పదేళ్లుగా తుడుస్తున్నాను, ఒక్క డాక్యుమెంట్ పోలేదు. స్క్రిప్ట్ పెట్టి మర్చిపోండి.

పాతసర్వర్
చక్రి గారూ, మీ మాటలో సగం నిజం ఉంది, ఆ సగమే జనాన్ని ముంచుతుంది. `~$` ఫైల్లో డాక్యుమెంట్ తాలూకు ఒక్క అక్షరం కూడా ఉండదు, నిజమే. వర్డ్‌ది అయితే 162 బైట్లు, ఎక్సెల్‌ది 165. అందులో ఉండేదల్లా ఎవరు తెరిచారో ఆ పేరు. ఇంకొకరు అదే ఫైలు తెరవబోతే "ఫలానా వాళ్లు ఎడిట్ చేస్తున్నారు" అని వస్తుంది చూడండి, ఆ పేరు ఇక్కడి నుంచే వస్తుంది. డాక్యుమెంట్ మూసేస్తే అది కూడా పోవాలి. కరెంటు పోయినా, నెట్‌వర్క్ తెగినా, ప్రోగ్రామ్ హఠాత్తుగా మూసుకుపోయినా తుడిచేవాళ్లు లేక అలా పడి ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి, దీనివల్లే చాలామంది ఇది ఏ ఫైలుదో పోల్చుకోలేరు. వర్డ్ పొడుగు పేర్లలో మొదటి రెండు అక్షరాలు కొట్టేసి అక్కడ `~$` పెడుతుంది. `Salary-March.docx` తెరిస్తే పక్కన పుట్టేది `~$lary-March.docx`. ఎక్సెల్ మాత్రం పేరు మొత్తం ఉంచి ముందు తగిలిస్తుంది.

కానీ సుజన గారు చెప్పిన `~WRL` వేరే జాతి. వర్డ్ సేవ్ చేసేటప్పుడు కొత్త కాపీ పక్కన రాసి, అంతా సరిగ్గా అయ్యాక పేర్లు మార్చుకుంటుంది. ఆ పని మధ్యలో ఆగితే మిగిలే ముక్కల్లో ఇది ఒకటి. చాలాసార్లు అందులో డాక్యుమెంట్ మొత్తం ఉంటుంది! టిల్డా చూసి తుడిచే స్క్రిప్ట్‌కి ఈ రెంటికీ తేడా తెలియదు.

చక్రి_వేగం
సరే, `~WRL` వదిలేద్దాం. `~$` విషయంలో మాత్రం నేనన్నది తప్పు కాదుగా? లోపల ఏమీ లేనిది తుడిస్తే ఏం పోతుంది?

నీరజ_ఎన్
నా ఫోన్లో కూడా స్టోరేజ్ నిండిపోయింది, టెంప్ ఫైళ్లు ఎక్కడుంటాయో ఎవరైనా చెప్తారా? ఇవి వైరస్ అని మా తమ్ముడు అంటున్నాడు, టెన్షన్‌గా ఉంది.

పాతసర్వర్
నీరజ గారూ, వైరస్ కాదు, భయపడకండి. ఇక్కడ మాట్లాడేది కంప్యూటర్‌లో ఆఫీస్ ఫైళ్ల గురించి, ఫోన్ సంగతి వేరే పోస్టు పెట్టండి. 43 ఫైళ్లు కలిపినా ఏడు కేబీ ఉంటుంది, చోటు కోసమైతే ఇవి తుడవడం దండగ.

గోపి_లిబ్రే
తుడిస్తే ఏం పోతుంది అని అడిగారు కదా చక్రి అన్నా, మాకు పోయింది, వినండి. మాది లినక్స్ సర్వర్, అందరం లిబ్రేఆఫీస్. అందులో `.ods` ఫైలు తెరిస్తే `~$` ఉండదు, `.~lock.stock.ods#` అని పుడుతుంది, మామూలు టెక్స్టే, తెరిస్తే ఇలా ఉంటుంది:

```
,latha,pc-04,12.03.2024 10:42,file:///home/latha/.config/libreoffice/4;
```

ఎవరు, ఏ కంప్యూటర్ నుంచి, ఎప్పుడు. మధ్యాహ్నం రెండింటికి నడిచేలా నేనే ఒక స్క్రిప్ట్ రాశాను, గంట దాటిన లాక్ ఫైల్ కనబడితే తుడిచేస్తుంది. గంట సరిపోతుందనుకున్నాను, నా తెలివి అంత. లత పదిన్నర దాటాక తెరిచిన స్టాక్ షీట్ ఇంకా తెరిచే ఉంది, భోజనానికి వెళ్లింది. స్క్రిప్ట్ లాక్ తుడిచేసింది. రెండున్నరకి ఇంకొకతను అదే షీట్ తెరిచాడు, ఏ హెచ్చరికా రాలేదు, ముప్పై లైన్లు ఎక్కించి సేవ్ చేసి మూసేశాడు. లత వచ్చి తన మార్పులు సేవ్ కొట్టింది. ఫైలు మధ్యలో మారింది, అయినా సేవ్ చేయాలా అని అడిగింది, ఆవిడ అలవాటుగా అవునని కొట్టేసింది. అతని ముప్పై లైన్లూ పోయాయి. సాయంత్రం ఇద్దరూ వచ్చి నా మీద పడ్డారు, న్యాయమే.

చక్రి_వేగం
అది లినక్స్ కాబట్టి. విండోస్‌లో ఎవరైనా తెరిచి ఉంటే తుడవనివ్వదు, ఫైలు వాడకంలో ఉందని ఆపేస్తుంది. అందుకే నాకు పదేళ్లుగా ఏమీ కాలేదు. తుడిచి చూడు, పోతే చెత్త, పోకపోతే ఎవరో పని చేస్తున్నట్టు. ఇంతకంటే మంచి పరీక్ష ఉందా?

పాతసర్వర్
ఆ పరీక్ష బానే ఉంటుంది, నేనూ చేస్తాను. విండోస్ మెషీన్‌లోగానీ విండోస్ సర్వర్‌లోగానీ తెరిచి ఉన్న వర్డ్ ఆ ఫైలుని పట్టుకునే ఉంటుంది, డిలీట్ కొడితే ఒప్పుకోదు. అసలు డాక్యుమెంట్‌ని కాపాడేది కూడా ఆ పట్టే, `~$` ఫైలు కేవలం తలుపు మీద పేరు. అందుకే పేరు చింపినా తలుపు గడియ అలాగే ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో గోపి సర్వర్ లాంటి చోట గడియ పనంతా ఆ లాక్ ఫైలే చేస్తుంటుంది, అది తీస్తే ఏమీ మిగలదు.

మీ పరీక్ష చెడేది రెండు చోట్ల. ఒకటి, `~$` ఫైళ్లని కూడా పంపే సింక్ ప్రోగ్రామ్‌లో ఫోల్డర్ ఉంటే మీ కంప్యూటర్‌లో ఉన్నది కాపీ మాత్రమే, అవతలివాళ్ల వర్డ్ పట్టుకున్నది వాళ్ల కంప్యూటర్‌లో ఉన్న కాపీని. మీ దగ్గర హాయిగా తుడుచుకుపోతుంది. రెండోది, ల్యాప్‌టాప్ మూత వేసి వెళ్లిపోయిన మనిషి. నిద్రలోకి వెళ్లాక సర్వర్‌తో కనెక్షన్ తెగుతుంది, పట్టు వదిలేస్తుంది, కానీ తెర మీద సేవ్ చేయని రెండు పేజీలు అలాగే ఉంటాయి. మీరు తుడిచేశాక ఇంకొకరు తెరిచి మార్చేస్తారు, పొద్దున అతను మూత తీసి సేవ్ కొడతాడు, ఇక అక్కడి నుంచి గొడవ.

సుజన గారూ, మీరు ఇలా చేయండి. ముందు ఏమీ తుడవకుండా జాబితా తీయండి:

```
Get-ChildItem -Recurse -Force -File -Filter '~$*' |
  Select FullName, Length, LastWriteTime
```

తేదీ చూడండి. ఆ డాక్యుమెంట్ తెరిచిన సమయం దాదాపు అదే. నెలల కిందటివి ఏ దిగులూ లేకుండా తీసేయొచ్చు. ఈ వారానివి ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి, పిచ్చి గుర్తుల మధ్య పేరు కనబడుతుంది. తెరుచుకోకపోతే ఇంకా ఎవరో పట్టుకుని ఉన్నారన్నమాట. పేరు కనబడితే ఆ మనిషిని అడగండి. తను మూసేశానంటే వాళ్ల టాస్క్ మేనేజర్‌లో `WINWORD.EXE` ఇంకా ఉందేమో చూడమనండి, కిటికీ కనబడకుండా లోపల బతికే ఉంటుంది ఒక్కోసారి. సర్వర్ మీ చేతిలో ఉంటే `Get-SmbOpenFile` కొడితే ఎవరు ఏది తెరిచారో నేరుగా తెలుస్తుంది.

సుజన_లెక్కలు
అలాగే చేశాను. 43లో 38 ఏడాది దాటినవి, ఉద్యోగం మానేసినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. తీసేశాను. ఐదు ఈ వారానివి, ముగ్గురు మూసేశామన్నారు, అవీ పోయాయి. ఒకటి మాత్రం నోట్‌ప్యాడ్ తెరవలేదు, చూస్తే పక్క గదిలో ఒకావిడ సోమవారం నుంచి మూయలేదట! ఇంకొకటి నిన్నటిది, పేరు "User" అని ఉంది, ఎవరో తేలలేదు, వదిలేశాను. మరి `~WRL` ఎలా తెరవాలి?

పాతసర్వర్
ముందు వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ చివర `.docx` అని మార్చి తెరవండి. అసలైనదాని పేరు ముట్టుకోకండి. తెరుచుకుంటే ఇప్పుడున్న డాక్యుమెంట్‌తో పోల్చి, లేనిదేమైనా ఉందా చూసి అప్పుడు తుడవండి.

రమణ_డీ
ఆ 6 జీబీ సంగతి ఎవరూ ఎత్తలేదు. `.crdownload` తీసేసి అసలు పేరు పెడితే తెరుచుకుంటుంది, నేను సినిమాలు అలాగే చూస్తాను.

గోపి_లిబ్రే
వీడియో అయితే ఒక్కోసారి ఆడుతుంది రమణ గారూ, దిగినంత మేర. జిప్ అయితే మామూలుగా తెరవదు, ఎందుకంటే లోపల ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక జిప్‌లో చివర ఉంటుంది, మీకు దిగనిది ఆ చివరే. 90 శాతం దిగినా అంతే. పైగా పేరు మార్చేశాక బ్రౌజర్ దాన్ని గుర్తుపట్టదు, మళ్లీ మొదటి నుంచి దించుకోవాలి.

సుజన గారూ, క్రోమ్ డౌన్‌లోడ్‌ల జాబితా తెరిచి ఆ పేరు ఉందా, రెజ్యూమ్ బటన్ ఉందా చూడండి. ఉంటే నొక్కండి, సైట్ ఒప్పుకుంటే ఆగిన చోటి నుంచి దిగుతుంది. కొన్ని లింకులకి గడువుంటుంది, అది దాటితే ఎంత దిగినా దండగే. జాబితాలోనే లేకపోతే ఆ ఫైలుని ఎవరూ వెతుక్కుంటూ రారు, తీసేయండి. పేరు `Unconfirmed` అని మొదలైతే మాత్రం ఆగండి, అది మీ ఒప్పుదల కోసం ఆగి ఉండొచ్చు, ఉంచాలా వద్దా అని జాబితాలో అడుగుతూ ఉంటుంది. ఏ సైట్ నుంచి దించారో గుర్తు లేకపోతే ఒప్పుకోకండి.

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి ఇంకో తిరకాసు, `.part` పక్కన అసలు పేరుతో సున్నా బైట్ల ఫైలు ఒకటి ఉంటుంది. జనం `.part` ని చెత్త అని తుడిచి, ఆ ఖాళీదాన్ని దాచుకుంటారు.

సుజన_లెక్కలు
జాబితాలో లేదు, జనవరి నాటిది. తీసేశాను. `~WRL` ఒకటి తెరుచుకోలేదు, రెండోది తెరిస్తే పోయిన నెల టెండర్ పాత డ్రాఫ్ట్, ఫైనల్‌లో లేని ఒక పేరా ఉంది అందులో. కావాలని తీసేశారో, ఎగిరిపోయిందో తెలీదు, రాసినావిడని అడగాలి.

చక్రి_వేగం
అంతా చదివాను. అయినా నేనంటాను, 30 రోజులు దాటిన `~$` కి స్క్రిప్ట్ పెట్టుకుంటే నష్టం లేదు, టిల్డా ఒక్కటే కాకుండా సైజ్ 200 బైట్ల లోపు అని కూడా పెట్టుకుంటే `~WRL` జోలికి పోదు.

పాతసర్వర్
ఆ సైజ్ షరతు బాగుంది, ఒప్పుకుంటాను. 30 రోజులే నాకు నచ్చలేదు, కంప్యూటర్ నెలల తరబడి ఆపని మనుషులు నాకు తెలుసు.

గోపి_లిబ్రే
నా స్క్రిప్ట్ ఇప్పుడు ఏదీ తుడవదు, జాబితా మెయిల్ చేస్తుంది అంతే. లత అది కూడా నమ్మట్లేదు.